సరుకు ఆలస్యమవుతుందన్న వార్తను ఏ దేశపు కొనుగోలుదారుకు ఎలా రాయాలి

విదేశీ కొనుగోలుదారులతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపేవారికి ధరల పట్టిక పంపడం, నమూనాలు అందాయా అని అడగడం పెద్ద కష్టమేమీ కాదు. ఒప్పుకున్న తేదీకి సరుకు ఓడ ఎక్కదని రాయవలసి వచ్చినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. సూటిగా రాస్తే ఒక దేశంలో నిజాయితీ అంటారు, మరొక దేశంలో మొరటుతనం అంటారు. మర్యాదలతో చుట్టి రాస్తే ఒకచోట గౌరవంగా తీసుకుంటారు, మరొకచోట ఏదో దాస్తున్నారని అనుమానిస్తారు. కాబట్టి అన్ని రకాల ఉత్తరాల జోలికీ పోకుండా, ఆలస్యాన్ని తెలిపే ఈమెయిల్ ఒక్కదాన్నే తీసుకొని, దాన్ని జర్మనీ, అమెరికా, జపాన్, సౌదీ అరేబియాలలోని నలుగురు కొనుగోలుదారులకు ఎలా మార్చి రాయాలో ఇక్కడ వివరిస్తాను. ఈ ఉత్తరాలను మీరు ఇంగ్లీషులోనే రాస్తారు. నేను వాటి భావాన్ని తెలుగులో ఇస్తున్నాను.

ఉదాహరణ ఇది. ఈరోజు 2026 మే 11, సోమవారం అనుకోండి. ఆర్డర్ 4417 కింద 6,000 నూలు తువాళ్లను మీరు మే 25న ఓడకెక్కించాలి. తెల్లవి 4,000 సిద్ధంగా ఉన్నాయి. ముదురు నీలం రంగువి 2,000 ఇంకా అద్దకంలోనే ఉన్నాయి. అద్దకం యంత్రంలోని పంపు మే 9న పాడైంది, కొత్త పంపు మే 18న బిగిస్తారు, నీలం తువాళ్లు జూన్ 8కి ముందు ఓడ ఎక్కే అవకాశం లేదు. చెల్లింపు ఎల్‌సీ ద్వారా, అంటే నిర్ణీత పత్రాలు సమర్పిస్తే డబ్బు చెల్లిస్తానని కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే హామీపత్రం ద్వారా జరుగుతుంది. సరుకు ఓడ ఎక్కవలసిన చివరి తేదీ మే 30 అనీ, సరుకును విడతలుగా పంపకూడదనీ అందులో రాసి ఉంది. నలుగురు కొనుగోలుదారుల ఆర్డరూ ఇదేననుకుందాం.

మొదటి అడుగు: మర్యాద సంగతి తర్వాత, ముందు విషయం రాసుకోండి

ఎవరికి రాస్తున్నారన్నది కాసేపు మరచిపోయి, నాలుగు వాక్యాలను విడిగా ఒక కాగితం మీద రాసుకోండి. ఒకటి, ఏది మారింది: 4,000 తువాళ్లు మే 25న వెళ్తాయి, 2,000 జూన్ 8న వెళ్తాయి. రెండు, ఎందుకు మారింది: పంపు పాడైన తేదీ, కొత్తది బిగించే తేదీ. మూడు, మీరు ఏమి చేయగలరు: రెండు విడతలుగా పంపి రెండో విడతకయ్యే అదనపు రవాణా ఖర్చు మీరే భరించడం, లేదా మొత్తం సరుకును జూన్ 8న ఒకేసారి పంపడం. నాలుగు, వారు ఏమి చేయాలి: ఆ రెండింటిలో ఒకటి ఎంచుకొని, దానికి తగినట్టు ఎల్‌సీని సవరింపజేయడం.

ఈ నాలుగు వాక్యాలలో తేదీలూ సంఖ్యలూ ఉండాలి తప్ప "వీలైనంత త్వరలో", "కొద్దిపాటి ఆలస్యం", "మా వంతు ప్రయత్నం చేస్తాం" వంటి మాటలు ఉండకూడదు. ఏ దేశానికి రాసినా ఈ వాక్యాలు మారవు. అవి ఉత్తరంలో ఎక్కడ కూర్చుంటాయి, వాటి ముందు ఎంత పలకరింపు ఉంటుంది, అడగవలసినదాన్ని ప్రశ్నగా అడుగుతామా ప్రతిపాదనగా ముందుంచుతామా అన్నవే మారతాయి. మర్యాద పేరుతో చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, మెత్తబరచవలసింది గొంతును కాగా తేదీని మెత్తబరుస్తారు.

నాలుగో వాక్యం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. మన ఉదాహరణలో ఏ మార్గం ఎంచుకున్నా ఎల్‌సీ సవరణ తప్పదు, ఎందుకంటే మొదటి మార్గం విడతల నిషేధానికీ, రెండు మార్గాలూ మే 30 అన్న గడువుకూ విరుద్ధం. "పర్వాలేదు, పంపండి" అని కొనుగోలుదారు ఎంత స్నేహంగా ఈమెయిల్ రాసినా బ్యాంకు దృష్టిలో దానికి విలువ లేదు. అంతర్జాతీయంగా ఎల్‌సీలకు సాధారణంగా వర్తించే యూసీపీ 600 నియమావళి ప్రకారం బ్యాంకులు పత్రాలను మాత్రమే చూస్తాయి. ఎల్‌సీ జారీ చేసిన బ్యాంకు, ధ్రువీకరించిన బ్యాంకు ఉంటే అది, డబ్బు అందుకోవలసిన మీరు అంగీకరిస్తే తప్ప ఎల్‌సీని సవరించడం కుదరదు. సవరణ లేకుండా జూన్ 8 తేదీతో బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడ ఎక్కిందని తెలిపే పత్రం, సమర్పిస్తే బ్యాంకు దాన్ని లోపంగా పట్టుకుంటుంది. అందువల్ల ఎంత సున్నితమైన కొనుగోలుదారుకు రాసినా ఈ ఒక్క కోరికను మాత్రం సూటిగానే రాయాలి.

రెండో అడుగు: దేశాన్ని కాదు, ఆ మనిషి రాసిన ఉత్తరాలను చదవండి

సమాచారంలో ఎక్కువ భాగాన్ని మాటల్లోనే పెట్టే సమాజాలు కొన్ని, సందర్భానికీ సంబంధానికీ వదిలేసేవి కొన్ని అని అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1970లలో వివరించారు. ఆ విభజన ఉపయోగకరమైనదే. అయితే మీ ఉత్తరం చదివేది ఒక దేశం కాదు, ఒక మనిషి. జర్మన్ కంపెనీలో కొనుగోళ్లు చూసే వ్యక్తి వేరే దేశంలో పెరిగి ఉండవచ్చు. టోక్యోలో కూర్చున్న మేనేజర్ పదేళ్లు అమెరికాలో పనిచేసి ఉండవచ్చు. దేశం మనకు మొదటి అంచనా మాత్రమే ఇస్తుంది. సాక్ష్యం ఆ మనిషి ఉత్తరాలలోనే దొరుకుతుంది.

ఆయన లేదా ఆమె రాసిన చివరి మూడు ఈమెయిల్‌లు తెరిచి మూడు విషయాలు గమనించండి. సంబోధన ఎలా ఉంది, ఇంటిపేరుతోనా, మొదటి పేరుతోనా, అసలు సంబోధనే లేదా? మీ నుంచి కావలసినది ఎన్నో వాక్యంలో అడిగారు? మీరు చేసిన తప్పును ఎత్తిచూపినప్పుడు దాని చుట్టూ ఏ మాటలు వాడారు? ఈ మూడింటికీ దొరికిన జవాబులు దేశం గురించిన మీ అంచనాతో పొసగకపోతే ఉత్తరాలనే నమ్మండి. ఒకవేళ ఇది మొట్టమొదటి పరిచయమై, చూడటానికి ఉత్తరాలేవీ లేకపోతే, ఆ దేశంలో వాడే మర్యాద కంటే ఒక మెట్టు ఎక్కువగా మొదలుపెట్టండి. ఎక్కువ మర్యాద నుంచి దిగిరావడం తేలిక, చనువు నుంచి వెనక్కి పోవడం కష్టం.

మూడో అడుగు: పేరు సరిగ్గా రాయండి

దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు గాని తప్పితే మాత్రం మొదటి పంక్తిలోనే తప్పినట్టవుతుంది. జర్మన్ కొనుగోలుదారుకు ఇంటిపేరుతో రాయాలి, డాక్టరేట్ ఉంటే సంబోధనలో 'డాక్టర్' వదలకూడదు, మొదటి పేరుకు మారే చొరవ వారి నుంచి రావాలి. అమెరికన్ తన ఉత్తరం కింద మొదటి పేరుతో సంతకం చేస్తే రెండో ఉత్తరం నుంచే మీరూ ఆ పేరుతో పిలవవచ్చు. అప్పటికీ 'మిస్టర్' అని పట్టుకుని ఉంటే దూరం పెడుతున్నారనిపిస్తుంది. జపాన్‌లో ఇంటిపేరు ముందు వస్తుంది, కానీ విదేశీయులకు రాసేటప్పుడు కొందరు వరస తిప్పి రాస్తారు, కనుక ఏది ఇంటిపేరో ముందే తేల్చుకొని దానికి 'సాన్' చేర్చండి, ఉదాహరణకు 'తనకా-సాన్'. మీ పేరుకు మాత్రం ఎన్నడూ 'సాన్' చేర్చుకోకండి. సౌదీలో 'మిస్టర్' తర్వాత సాధారణంగా మొదటి పేరే వస్తుంది, 'మిస్టర్ అహ్మద్' అన్నట్టు. సంతకంలో 'ఇంజినీర్' అనో 'డాక్టర్' అనో ఉంటే దాన్ని సంబోధనలోకి తెచ్చుకోవడం బాగుంటుంది.

నాలుగో అడుగు: చెడు వార్తను ఎక్కడ పెట్టాలో నిర్ణయించండి

జర్మన్ కొనుగోలుదారుకు రాసేటప్పుడు వార్త సబ్జెక్ట్ లైన్‌లోనే ఉండాలి: "ఆర్డర్ 4417: నీలం తువాళ్లు 2,000, షిప్‌మెంట్ మే 25 నుంచి జూన్ 8కి మార్పు, మే 13 లోగా మీ నిర్ణయం కావాలి." సంబోధన తర్వాత మొదటి వాక్యమూ అదే. ఆ వెంటనే కారణం, అదీ కొంత సాంకేతికంగా: ఏ యంత్రంలో ఏ భాగం, ఎప్పుడు పాడైంది, ఎప్పుడు బాగవుతుంది. క్షమాపణ ఒక్కసారి చాలు. నేను ఈ పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక జర్మన్ కొనుగోలుదారుకు ఇలాంటి వార్తనే రెండు పేరాల గౌరవ వచనాల తర్వాత, "కొంత సర్దుబాటు అవసరం కావచ్చు" అనే వాక్యంలో చుట్టి పంపాను. మూడు నాలుగు పదాల జవాబు వచ్చింది: "కొత్త తేదీ ఏది?" అది కోపం కాదని అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది, నేను రాసినదాంట్లో ఆయనకు అవసరమైనది అదొక్కటే లేదు.

జర్మన్ పాఠకులు సాధారణంగా మరొక సంగతి తెలుసుకోవాలనుకుంటారు: జూన్ 8 అన్నది ఖరారు చేసిన తేదీయా, అంచనాయా? రెండూ ఒకటే అన్నట్టు రాయకండి. పంపు మే 18న రావడం మీ చేతిలో లేకపోతే, "మే 18న పంపు అందితే జూన్ 8 ఖాయం, అందిందో లేదో ఆ సాయంత్రమే తెలియజేస్తాం" అని రాయడం వారి దృష్టిలో బలహీనత కాదు. అక్కడ సరఫరా తేదీలను క్యాలెండర్ వారాల సంఖ్యతో చెప్పుకోవడం మామూలు. సోమవారంతో మొదలయ్యే ఆ లెక్కలో 2026 జూన్ 8 సరిగ్గా 24వ వారపు మొదటి రోజు. తేదీ పక్కన `KW 24` అని చేరిస్తే, వారి ప్రణాళిక పట్టికలోకి మీ ఉత్తరం నేరుగా ఎక్కుతుంది.

అమెరికన్ కొనుగోలుదారుకూ వార్త పైనే ఉండాలి, కాబట్టి ఆ రెండు ఉత్తరాలూ ఒకటేననిపిస్తుంది. కానీ తేడా రెండో పేరాలో కనిపిస్తుంది. జర్మన్‌కు కారణం సరిపోయాకే పరిష్కారం మీద నమ్మకం కలుగుతుంది. అమెరికన్‌కు పరిష్కారం కనిపించాక కారణం ఒక్క వాక్యంలో ఉన్నా చాలు. "2,000 నీలం తువాళ్లు రెండు వారాలు ఆలస్యమవుతాయి. తెల్లవి అనుకున్నట్టే మే 25న వెళ్తాయి. రెండు విడతలుగా పంపమని మా సలహా, అదనపు రవాణా ఖర్చు మాది. సరేనంటే ఎల్‌సీ సవరణకు కావలసిన మాటలు కింద ఇచ్చాం." ఇంతే. ఒక తెర దాటకుండా, రెండు మార్గాలలో మీరు దేన్ని సూచిస్తున్నారో చెబుతూ రాయండి. ఎంపికలు పెట్టి అభిప్రాయం చెప్పకపోతే బాధ్యత తప్పించుకుంటున్నారని అనుకోవచ్చు. అన్నట్టు, అమెరికన్లు సూటిగా మాట్లాడతారన్న మాట పనుల విషయంలో నిజమే గాని తప్పు ఎత్తిచూపేటప్పుడు వారు ముందు రెండు మంచి మాటలు చెబుతారు. "నమూనాలు అద్భుతంగా ఉన్నాయి, ఒక్క చిన్న ఆలోచన..." అని వస్తే ఆ చిన్న ఆలోచనే ఉత్తరం రాయడానికి కారణమని గ్రహించండి. బ్రిటన్ నుంచి వచ్చే ఉత్తరాల్లో ఈ చుట్టుడు ఇంకా ఎక్కువ: "కాస్త నిరాశ కలిగింది" అంటే బాగా కోపం వచ్చిందని చదువుకోవడం క్షేమం.

జపాన్ కొనుగోలుదారుకు రాసే ఉత్తరం మీద ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే ఇక్కడ మారవలసింది వాక్యాల వరస ఒక్కటే కాదు. సబ్జెక్ట్ లైన్ తటస్థంగా ఉండాలి: "ఆర్డర్ 4417 షిప్‌మెంట్ షెడ్యూల్ గురించి క్షమాపణ, విన్నపం." మొదటి వాక్యం కొనసాగుతున్న సహకారానికి కృతజ్ఞత, జపనీస్ వ్యాపార ఉత్తరాలు దాదాపు అన్నీ 'ఒసెవా ని నత్తె ఒరిమాసు' అన్న ఆ పలుకుతోనే మొదలవుతాయి గనుక ఇంగ్లీషులో కూడా దాని ఛాయ వారికి సహజంగా అనిపిస్తుంది. రెండో పేరా క్షమాపణ, అందులో కారణం ఉండకూడదు. క్షమాపణ వాక్యంలోనే "పంపు పాడైనందువల్ల" అని చేర్చితే అది సాకులా వినిపిస్తుంది. కారణం మూడో పేరాలో, తేదీలతో, నిదానంగా రావాలి.

ఆ తర్వాత వారు ఎదురుచూసే భాగం ఉంది. మిగతా మూడు దేశాల ఉత్తరాల్లో దానికి ఇంత ప్రాధాన్యం ఉండకపోవచ్చు. ఇదే పొరపాటు మళ్లీ జరగకుండా ఏం చేస్తున్నారు? అదనపు పంపు ఒకటి నిల్వ ఉంచుతున్నారా, తనిఖీల మధ్య వ్యవధి తగ్గించారా? ఈ వివరాన్ని ఒక పేజీ నివేదికగా జత చేయండి: జరిగినది, కారణం, ప్రస్తుతానికి తీసుకున్న చర్య, ఇకముందు జరగకుండా తీసుకునే చర్య. మీ ఉత్తరం అందుకున్న వ్యక్తి సాధారణంగా ఒంటరిగా నిర్ణయం తీసుకోరు. ప్రతిపాదనను కింది నుంచి పై వరకు తిప్పి అందరి ఆమోదముద్ర తీసుకునే 'రింగి' అనే పద్ధతి అక్కడి కంపెనీలలో పాతది. మీ నివేదిక ఆయన చేతి నుంచి పై అధికారి చేతికి వెళ్తుందన్న ఎరుకతో రాయాలి. ఆయన తన పై అధికారికి మిమ్మల్ని సమర్థించుకోవడానికి కావలసినదంతా అందులో ఉండాలి.

ఆ కారణంగానే "మొదటిదా, రెండోదా, చెప్పండి" అని అడగడం ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. "తెల్ల తువాళ్లను మే 25న, నీలంవాటిని జూన్ 8న రెండు విడతలుగా పంపుదామని మేము ఆలోచిస్తున్నాం. మీకు అసౌకర్యమైతే మొత్తాన్ని జూన్ 8న పంపడానికీ సిద్ధం. మే 18న ఓడలో చోటు ఖరారు చేయవలసి ఉంది కనుక, వీలైతే మే 15 లోగా మీ అభిప్రాయం తెలిపితే ఎంతో కృతజ్ఞులం" అని రాస్తే అవే తేదీలు, అదే కోరిక, కానీ ఎదుటివారు "కాదు" అనవలసిన అగత్యం ఉండదు. వాక్యాలు చిన్నవిగా ఉంచండి. ఆ ఉత్తరాన్ని ఎవరో ఒకరు జపనీస్‌లోకి మార్చి పైవారికి చూపవచ్చు. సీసీలో పేర్లను హోదా వరసలో పెట్టండి. మీ వైపు నుంచి కూడా సంతకం వీలైనంత పై స్థాయి వ్యక్తిది కావాలి, ఎందుకంటే క్షమాపణ చెప్పే మనిషి హోదా కూడా క్షమాపణలో భాగమే.

సౌదీ కొనుగోలుదారు విషయంలో మొదటి పని ఈమెయిల్ కాదు, ఫోను. చెడు వార్త ముందు గొంతులో వినిపించాలి. ఆ తర్వాత వెళ్లే ఉత్తరం ఆ సంభాషణకు నమోదు మాత్రమే. ఫోనులో కుశల ప్రశ్నలకు ఇచ్చే నిమిషాలను వృథా అనుకోకండి. ఉత్తరం కూడా ఒక పూర్తి పేరా పలకరింపుతో, ఆరోగ్య కుశలాలు కోరుతూ మొదలై, "నిన్న ఫోనులో మనం మాట్లాడుకున్న ప్రకారం" అన్న మాటతో విషయంలోకి దిగాలి. అక్కడి నుంచి మన నాలుగు వాక్యాలూ జర్మన్ ఉత్తరంలో ఉన్నంత స్పష్టంగానే రావచ్చు. పరిచయం మెత్తబడింది గనుక విషయం గుచ్చుకోదు. ఆలస్యంలో కొంత భాగం వారి వైపు నుంచి రంగు ఆమోదం ఆలస్యంగా రావడం వల్ల కలిగినదైనా ఆ సంగతిని పదిమందికి సీసీ వెళ్లే ఉత్తరంలో రాయకండి. అవసరమైతే ఫోనులో, ఒక్కరితోనే చెప్పండి.

ఐదో అడుగు: తేదీనీ గడువునూ వారి క్యాలెండర్‌లోకి మార్చండి

జూన్ 8ని `08/06` అని రాస్తే అమెరికన్ దాన్ని ఆగస్టు 6గా చదువుతారు. నెలను అక్షరాల్లో రాయడం అన్ని దేశాలకూ సరిపోతుంది కనుక ఆ అలవాటే చేసుకోండి.

గడువు విషయం ఇంతకంటే సూక్ష్మమైనది. సోమవారం ఉత్తరం రాస్తూ "ఈ శుక్రవారం లోగా" అనడం సహజం. ఆ వారం క్యాలెండర్ చూద్దాం. 2026 మే 14, గురువారం, జర్మనీలో క్రీస్తు ఆరోహణ పండుగ, దేశమంతటా సెలవు; మరునాటి శుక్రవారం చాలామంది సెలవు పెట్టి నాలుగు రోజులు కలుపుకుంటారు. అందుకే పైన జర్మన్ ఉత్తరంలో గడువు మే 13, బుధవారం అని పెట్టాను. సౌదీ అరేబియాలో 2013 నుంచి వారాంతం శుక్రవారం, శనివారం. కనుక అక్కడ గడువు గురువారమే అవుతుంది. పక్కనే ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ప్రభుత్వ కార్యాలయాలు 2022 జనవరి నుంచి శుక్రవారం సగం రోజు పనిచేసి శని, ఆదివారాలు మూస్తున్నాయి, కాబట్టి "గల్ఫ్ దేశాలు" అని ఒకే ముద్ర వేయకూడదు. పైగా ఆ సంవత్సరం హజ్, బక్రీద్ సెలవులు మే చివరి వారంలో పడుతున్నాయి. ఆ రోజుల్లో సౌదీ బ్యాంకులు మూసి ఉంటాయి గనుక ఎల్‌సీ సవరణ దరఖాస్తు అంతకు ముందే బ్యాంకుకు చేరాలి. ఈ కారణాన్ని ఉత్తరంలో రాయండి. సెలవుల వల్ల తొందరపెడుతున్నామంటే ఎవరూ నొచ్చుకోరు. కారణం చెప్పకుండా తొందరపెడితే అపనమ్మకంలా తోస్తుంది.

ఆరో అడుగు: వచ్చిన జవాబును కూడా అదే కళ్లద్దాలతో చదవండి

రాసేటప్పుడు ఎంత శ్రద్ధ పెట్టినా జవాబును మన అలవాటుతో చదివితే శ్రమంతా వృథా అవుతుంది. జర్మన్ నుంచి "జూన్ 8 మాకు ఆలస్యం, జూన్ 3 కావాలి" అని వస్తే అది బెదిరింపు కాదు. జూన్ 3 సాధ్యమో కాదో చెప్పాలి, కాకపోతే ఎందుకు కాదో చెప్పాలి. ఉద్వేగంతో నాలుగు పేరాల క్షమాపణ పంపకండి.

జపాన్ నుంచి "పరిశీలిస్తాం" అనో, "కాస్త కష్టంగా ఉంది" అనో వస్తే జాగ్రత్తపడాలి. 'ముజుకషీ', అంటే కష్టం, అన్న మాట వ్యాపారంలో చాలాసార్లు "కుదరదు" అన్నదానికి మర్యాదైన రూపం. మనం "చూద్దాంలెండి" అన్నప్పుడు ఎదుటివారు దాన్ని వాగ్దానంగా తీసుకోరు కదా, ఇదీ అంతే. నేను ఒకసారి ఆ మాటను బేరంగా అర్థం చేసుకుని, ఇంకొంచెం తగ్గింపు చూపించి మళ్లీ అదే ప్రతిపాదన పంపాను. ఆ తర్వాత జవాబే రాలేదు. అలాంటప్పుడు "మీకు ఇబ్బంది కలిగిస్తున్న అంశం రెండు విడతలుగా పంపడమా, లేక తేదీయా, తెలిపితే వేరే మార్గం వెతుకుతాం" అని అడగాలి. ధర మీద బేరం మొదలుపెట్టకూడదు.

సౌదీ నుంచి "ఇన్షాల్లా, సవరణ అయిపోతుంది" అని వస్తే అందులో మోసమూ లేదు, ఖరారూ లేదు. అది సద్భావంతో పలికిన మాట. దాన్ని ప్రశ్నించకుండా ధన్యవాదాలు తెలిపి, "మా బ్యాంకు ఫైలు కోసం సవరణ రిఫరెన్స్ నంబర్ అందగానే పంపగలరా" అని అడగండి. బ్యాంకు పేరు మీద అడిగితే మనిషిని శంకించినట్టు కాదు.

గొంతు తప్పిందని తెలిపే గుర్తులు కొన్ని అన్ని దేశాల్లోనూ ఒకటే. మొదటి పేరుతో పిలిచేవారు హఠాత్తుగా ఇంటిపేరుకు మారడం, ఇంతకుముందు లేని పేర్లు సీసీలో కనిపించడం, ఒప్పందంలోని క్లాజు నంబరు ప్రస్తావనకు రావడం, జవాబు వచ్చే వ్యవధి పెరగడం. వీటిలో ఏది కనిపించినా చనువును వెంటనే తగ్గించండి, వారు ఏ మెట్టు మీద నిలబడ్డారో ఆ మెట్టు మీదికే మీరూ రండి, నాలుగు వాక్యాలనూ మళ్లీ ఒకసారి శుభ్రంగా రాసి పంపండి. వివరణలు పెంచుకుంటూ పోతే పరిస్థితి బాగుపడటం నేను చూడలేదు.

ఏడో అడుగు: పంపే ముందు నాలుగు డ్రాఫ్ట్‌లనూ పక్కపక్కన పెట్టండి

ప్రతి డ్రాఫ్ట్‌లోనూ మొదటి అడుగులో రాసుకున్న నాలుగు వాక్యాలకు సమానమైన చోట గీత గీయండి, మిగతాదంతా చేతితో మూసి గీత గీసిన భాగాలను మాత్రం చదవండి. జర్మన్ డ్రాఫ్ట్‌లో ఇవి పైనే కనిపిస్తాయి, జపాన్ డ్రాఫ్ట్‌లో మూడో పేరా నుంచి, సౌదీ డ్రాఫ్ట్‌లో పలకరింపు ముగిశాక. చోటు మారినా అంకెలు మారకూడదు. నాకు ఎక్కువసార్లు తేడా దొరికేది జపాన్ డ్రాఫ్ట్‌లోనే: మర్యాద కోసం వాక్యాన్ని తిరగరాస్తుంటే "జూన్ 8" కాస్తా "జూన్ తొలి భాగంలో" అయిపోతుంది, "ఎల్‌సీని జూన్ 15 వరకు పొడిగించాలి" అన్నది "ఎల్‌సీ విషయం కూడా పరిశీలించగలరు" అయిపోతుంది. అలా కనిపిస్తే ఆ రెండు చోట్లా తేదీలను వెనక్కి తెచ్చి, మిగతా వాక్యాన్ని ఎంత మెత్తగా ఉందో అంత మెత్తగానే ఉంచి పంపండి.